స్క్రీన్ మీద 9 రూపాయలు కనిపిస్తాయి, చేతికి ఎంత వస్తుంది?

కాజీపేట కుర్రాడు
2025 జూలైలో రాసుకున్న లెక్క ఇది. షేరు 1,000. అదే నెల 1,000 స్ట్రైక్ కాల్ 31, పుట్ 22. షేరు కొని, పుట్ కొని, కాల్ అమ్మేస్తే ధర ఎటు పోయినా ఎక్స్‌పైరీ రోజున నా షేరు 1,000కే పోతుంది. పెట్టింది 991, వచ్చేది 1,000. లాట్ 500 షేర్లు కాబట్టి 25 రోజుల్లో 4,500. దీన్నే కన్వర్షన్ అంటారట. రిస్క్ లేని డబ్బు కదా, మరి మనలాంటి చిన్నవాళ్లు ఎందుకు చేయట్లేదు?

ఏనుమాముల మిర్చి
తమ్మీ, కన్వర్షన్ నేను రోజూ చేస్తా. పొద్దున ఇంట్రాడేలో కొన్నది సాయంత్రం మూడింటికి యాప్‌లో కన్వర్ట్ నొక్కి డెలివరీలోకి మార్చుకుంటా. దానికి కాల్, పుట్ ఎందుకు?

జమ్మికుంట
అన్నా, అది వేరే కన్వర్షన్. అది పొజిషన్ రకం మార్చుకోవడం, ఇక్కడ షేరు, పుట్, కాల్ అనే మూడు కాళ్ల ఆర్బిట్రేజ్ గురించి మాట్లాడుతున్నారు. నా జవాబు ఇది: రిస్క్ లేదనడమే తప్పు. నువ్వు అమ్మిన కాల్‌ను కొన్నవాడు మధ్యలోనే ఎక్సర్‌సైజ్ చేస్తే నీ షేర్లు పోతాయి, పుట్ ఒక్కటే చేతిలో మిగులుతుంది. ఇంకోటి, ఇలాంటి తేడా కనిపించిన సెకనులో పెద్ద సంస్థల కంప్యూటర్లు మింగేస్తాయి. మన చూపు పడేసరికే అయిపోతుంది.

హన్మకొండ పాతకాపు
జమ్మికుంట తమ్ముడి రెండో మాట చాలావరకు నిజం. మొదటిది మన దగ్గర కుదరదు. ఎన్‌ఎస్‌ఈలో షేర్ల ఆప్షన్లు 2011 జనవరి నుంచి యూరోపియన్ పద్ధతిలోకి వచ్చాయి. ఎక్స్‌పైరీ రోజు తప్ప ముందు ఎవరూ ఎక్సర్‌సైజ్ చేయలేరు. అమెరికా మార్కెట్ మీద చేసిన వీడియోలు చూసి చాలామంది ఈ భయం పెట్టుకుంటారు.

కుర్రాడి లెక్క తప్పింది వేరే చోట. 31, 22 అనేవి చివరి ట్రేడ్ ధరలు. పుట్‌లో ఆ చివరి ట్రేడ్ ఎప్పుడు జరిగిందో చూశావా? షేరు 1,004 దగ్గర ఉన్నప్పుడు, ఇరవై నిమిషాల కింద జరిగి ఉండొచ్చు. నువ్వు అమ్మేది బిడ్‌కు, కొనేది ఆస్క్‌కు. ఆ మూడు మార్కెట్ డెప్త్‌లు తెరిచి, ఒకే నిమిషంలో రాసుకున్న ధరలు పెట్టు. అప్పుడు మాట్లాడుకుందాం.

ఏనుమాముల మిర్చి
ఇప్పుడు అర్థమైంది. మా యార్డులో జెండా పాట లాంటిదన్నమాట. పొద్దున జెండా పాటలో పలికిన ధర పేపర్లో వస్తుంది. అది చూసి రైతు ఆశపడతాడు. ఆ ధర ఆ రోజు వచ్చిన మంచి సరుకుకు పలికింది. తన బస్తాకు ఎంతిస్తారో ఖరీదుదారు వచ్చి మిర్చి చేత్తో తీసి చూసి చెప్తేనే తెలుస్తుంది.

కాజీపేట కుర్రాడు
స్క్రీన్‌షాట్ ఉంది సార్. కాల్ బిడ్ 30.20. పుట్ ఆస్క్ 22.90. షేరు ఆస్క్ 1,000.30. అంటే పెట్టేది 993, వచ్చేది 1,000. షేరుకు 7 రూపాయలు, లాట్‌కు 3,500. తగ్గింది కానీ ఇంకా ఉంది కదా.

హన్మకొండ పాతకాపు
ఉంది. ఇప్పుడు దాన్ని చివరిదాకా నడిపిద్దాం.

షేరు డెలివరీకి కొన్నావు, ఎస్‌టీటీ 0.1 శాతం, 500 రూపాయలు. స్టాంప్ డ్యూటీ 0.015 శాతం, 75. ఎక్స్‌పైరీ రోజు షేర్లు 1,000 చొప్పున డెలివరీలో పోతాయి, అప్పుడు మళ్లీ ఎస్‌టీటీ 500. మిగిలినవి, అంటే అమ్మిన ప్రీమియం మీద ఎస్‌టీటీ, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, ఆర్డరుకు 20 చొప్పున బ్రోకరేజీ, జీఎస్టీ, అన్నీ కలిపితే 115 దాకా. మొత్తం 1,190. నీ 3,500లో మిగిలింది 2,310.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. ఈ 25 రోజులూ నీ డబ్బు 4,96,500 ఇరుక్కుని ఉంది. అదే డబ్బు ఆరున్నర శాతం ఎఫ్‌డీలో పెడితే 25 రోజులకు 2,210 వస్తుంది. అంటే నువ్వు పట్టుకున్న ఆర్బిట్రేజ్ 100 రూపాయలు. కాల్ ధర పుట్ కంటే ఎక్కువ ఉండటం మార్కెట్ చేసిన పొరపాటు కాదు. షేరు ఇప్పుడే కొని మోసేవాడికి అయ్యే వడ్డీ అది. షేరు, స్ట్రైక్ రెండూ 1,000 అయినప్పుడు, 25 రోజులకు ఆ తేడా దాదాపు నాలుగున్నర రూపాయలు ఉండాల్సిందే. దానిపైన ఉన్నదే నీ వేట.

ఆ 100 కూడా మన చేతికి రాదు. షేర్ల ఆప్షన్లన్నీ 2019 అక్టోబర్ ఎక్స్‌పైరీ నుంచి ఫిజికల్ సెటిల్‌మెంటే. దానికి మా బ్రోకర్ కాంట్రాక్టు విలువ మీద 0.25 శాతం తీసుకుంటాడు, జీఎస్టీ అదనం. 1,475. చివరికి మిగిలేది 835. ఎఫ్‌డీ కంటే 1,375 తక్కువ. నీ బ్రోకర్ ఎంత తీసుకుంటాడో ఛార్జీల పేజీలో చూసుకో, ఒక్కొక్కరిది ఒక్కో రకం.

అమ్మిన కాల్‌కు మార్జిన్ నేను లెక్కలోకే తేలేదు. షేరు కొన్నావు కాబట్టి మార్జిన్ పడదు అనుకోకు. షేర్లను ప్లెడ్జ్ చేస్తే కొంత విలువ కోసి మిగతా ఇస్తారు, దాంతో పాటు నగదు కూడా అడుగుతారు. షేరు 1,080కి ఎక్కితే మూడు కాళ్లూ కలిపి నీకు నష్టమేమీ లేదు. అయినా అమ్మిన కాల్ ప్రీమియం పెరిగిందని మార్జిన్ షార్ట్‌ఫాల్ మెసేజ్ వస్తుంది.

వరంగల్ చౌరస్తా
లెక్క దాకా కూడా పోనక్కర్లేదు. మూడు కాళ్లు ఒకేసారి పడవు. నాకు జరిగింది చెప్తా. పోయిన ఏడాది ఇలాంటిదే ఒకటి దొరికింది. షేరు కొన్నాను, వెంటనే పడింది. కాల్ అమ్మాను, అదీ పడింది. పుట్‌కు 23 దగ్గర లిమిట్ పెట్టాను. ఆస్క్‌లో ఒకే ఒక్క లాట్ ఉండె, నా ఆర్డరు వెళ్లేలోపు ఎవరో తీసేశారు. తర్వాతి ఆస్క్ 24.50. రూపాయిన్నర ఎందుకు ఇవ్వాలని ఆగాను. పది నిమిషాల్లో షేరు 16 రూపాయలు జారింది, పుట్ 31కి పోయింది. చేతులు చల్లబడ్డాయి. 31కే కొని బయటపడ్డా. ఒక్క పుట్ కాలు మీదే 4,000 పోయింది. ఆ పది నిమిషాలు నా దగ్గర ఉన్నది ఆర్బిట్రేజ్ కాదు, షేరు పడొద్దని దండం పెట్టుకుంటూ కూర్చోవడమే.

జమ్మికుంట
అందుకే ముందు పుట్ కొనాలి అన్నా. పలచగా ఉన్న కాలు ముందు, దొరికే కాలు చివర.

హన్మకొండ పాతకాపు
అది సరైన మాట. పుట్ పడకపోతే మిగతా రెండూ ముట్టుకోవద్దు, నష్టం ఉండదు. పడితే షేరు, కాల్ రెండు సెకన్లలో దొరుకుతాయి. చౌరస్తా అన్న 24.50కి తీసుకుని ఉంటే 750తో పోయేది.

కాజీపేట కుర్రాడు
డెలివరీ దాకా పోకుండా, ఎక్స్‌పైరీకి ముందురోజు మూడూ కట్ చేస్తే? ఆ 1,475 తప్పుతుంది కదా.

కరీంనగర్ అకౌంట్స్
తప్పుతుంది, కానీ ఇంకోటి మీద పడుతుంది తమ్ముడూ. నేను రిటర్నులు వేసే పనిలో ఉన్నాను కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. షేరు 900కి పడిందనుకో. మూడూ కట్ చేశావు. షేరు మీద సుమారు 50,000 నష్టం, ఆప్షన్ల మీద అంతకంటే కొంచెం ఎక్కువ లాభం. నీ లెక్కలో రెండూ కొట్టుకుపోయాయి. పన్ను లెక్కలో అలా జరగదు. షేరు నష్టం క్యాపిటల్ లాస్. ఆప్షన్ లాభం బిజినెస్ ఆదాయం. క్యాపిటల్ లాస్‌ను బిజినెస్ ఆదాయంలో తీసేయనివ్వరు. 20 శాతం శ్లాబులో ఉంటే రాని లాభానికి 10,000 కట్టాలి. నష్టాన్ని ముందు ఏళ్లకు మోసుకుపోవచ్చు, కానీ ఆ ఏడాది డబ్బు జేబులోంచి పోవాల్సిందే. షేరు పెరిగినప్పుడు ఇంత ఇబ్బంది లేదు, బిజినెస్ నష్టాన్ని క్యాపిటల్ గెయిన్‌లో తీసేసుకోవచ్చు.

కన్వర్షన్‌ను తిరగేసి చేసే రివర్సల్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నాది చెప్తాను. దానికి షేరు అమ్మి, కాల్ కొని, పుట్ అమ్మాలి. మనలాంటి వాళ్లు లేని షేరును ఆ ఒక్కరోజుకే అమ్మగలం, సాయంత్రానికి తిరిగి కొనాలి. షేర్లు అప్పు తెచ్చుకునే ఎస్‌ఎల్‌బీ ఉంది, అక్కడ మనకు కావలసిన షేరు దొరకడమే కష్టం. నాకు సొంత షేర్లు 500 ఉన్నాయి కాబట్టి నేను చేయొచ్చు అనుకున్నా. కాల్, పుట్ మధ్య తేడా ఒక్క రూపాయే కనిపించింది. నాలుగున్నర ఉండాలి కదా, కాల్ చవకగా దొరుకుతోంది అని సంబరపడ్డాను. షేర్లు అమ్మి, ఆ డబ్బు ఎఫ్‌డీలో పెట్టి, నెలాఖరుకు 1,000కే తిరిగి తీసుకుందామని ఆర్డరు టైప్ చేస్తూ ఆగాను. ఎందుకో కంపెనీ ప్రకటనలు తెరిచి చూశా. ఆ నెలలోనే 3.50 డివిడెండ్ ఎక్స్‌డేట్. షేరు నా దగ్గర లేకపోతే ఆ 3.50 నాకు రాదు. నాలుగున్నరలోంచి మూడున్నర తీస్తే ఒకటి. మార్కెట్ సరిగ్గానే ఉంది.

ఏనుమాముల మిర్చి
డివిడెండ్ వస్తే స్ట్రైక్ తగ్గిస్తారు కదమ్మా?

కరీంనగర్ అకౌంట్స్
షేరు ధరలో 2 శాతం, అంతకు మించి ఉంటేనే అన్నా. 1,000 షేరుకు 20 రూపాయలు. 3.50కి ఏమీ మార్చరు.

నిజామాబాద్ రోడ్
ఇందాకటి నుంచి చూస్తున్నా, అందరూ కాదు కాదంటున్నారు. నేను తీసుకున్నాను. 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ దాదాపు 6 శాతం పడిన రోజు. షేరుతో కాదు, నిఫ్టీ ఫ్యూచర్‌తో. ఒకే స్ట్రైక్ కాల్ కొని, పుట్ అమ్మి, ఫ్యూచర్ అమ్మాను. తేడా 40 పాయింట్లు, లాట్ అప్పుడు 25, వెయ్యి రూపాయలు. ఇండెక్స్ కాబట్టి డెలివరీ లేదు, క్యాష్ సెటిల్‌మెంట్. షేరు కొనే డబ్బు కూడా అక్కర్లేదు, మార్జిన్ ఒక్కటే. ఖర్చులు పోగా 750 పైన మిగిలింది.

హన్మకొండ పాతకాపు
నమ్ముతాను. నువ్వు చెప్పినది చిన్నవాడికి ఉన్న వాటిలో మెరుగైన దారి. కానీ ఆ రోజు ఎంతమందికి యాప్ ఆగిపోయిందో నీకూ తెలుసు. నీ మూడో ఆర్డరు అప్పుడే ఇరుక్కుని ఉంటే, నిమిషానికి వంద పాయింట్లు కదిలే మార్కెట్లో ఈ 750 కోసం ఎంత పోయేదో లెక్క వేశావా?

నిజామాబాద్ రోడ్
ఇరుక్కోలేదు కదా సార్. పలచబడే కాలు ముందు వేశాను, జమ్మికుంట అన్న చెప్పినట్టే. అలాంటి రోజులు ఏడాదికి రెండు మూడు వస్తాయి, నేను వాటి కోసమే కూర్చుంటాను.

వరంగల్ చౌరస్తా
ఏడాదికి మూడు రోజులకు 2,000 కోసం రెండు లక్షల మార్జిన్ ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు తమ్మీ.

నిజామాబాద్ రోడ్
ఖాళీగా ఎందుకు, లిక్విడ్ ఫండ్‌లో పెట్టి ప్లెడ్జ్ చేశాను అన్నా. దాని వడ్డీ దానికి వస్తూనే ఉంటుంది.

కాజీపేట కుర్రాడు
మూడు రోజులుగా పదింటికి, ఒంటిగంటకు బిడ్, ఆస్క్ రాస్తున్నాను, అదే షేరుకు. వడ్డీ తీసేశాక మిగిలేది షేరుకు 1.80, 0.60, 2.10, మైనస్ 0.40, 1.20, 1.50. పాతకాపు సార్ లెక్క ప్రకారం బ్రోకర్ ఫీజు లేకుండానే ఖర్చు షేరుకు 2.38. ఒక్కటీ దాటలేదు. ఈ వారం నిఫ్టీ ఫ్యూచర్‌కు కూడా ఇలాగే రాసి ఇక్కడ పెడతాను.