యూరిన్ కల్చర్‌లో ఏమీ లేదన్నారు, చీము మాత్రం ఆగలేదు

అడిగినవారు (పేరు చెప్పడం లేదు, పైడిభీమవరం)

నాకు 28 ఏళ్లు, ఇక్కడ కంపెనీలో షిఫ్టు పని. రెండు వారాల కిందట వైజాగ్‌లో తప్పు చేశాను, కండోమ్ వాడలేదు. నాలుగో రోజు నుంచి మూత్రానికి వెళ్తే నిప్పు పెట్టినట్టు మంట. పొద్దున లేచేసరికి చెడ్డీకి పచ్చటి చీము మరక. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరకెళ్తే వేడి చేసిందని సిప్రోఫ్లాక్సాసిన్ ఐదు రోజులకి రాసి, మంట తగ్గే సిరప్ ఒకటి ఇచ్చారు. మూడో రోజుకి బాగా తగ్గింది. అనుమానం తీరక అదే రోజు ల్యాబ్‌లో యూరిన్ కల్చర్ ఇచ్చాను, రెండు రోజుల తర్వాత "బ్యాక్టీరియా పెరగలేదు" అని రిపోర్టు వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఇప్పుడు మళ్లీ చీము మొదలైంది.

అసలు టెన్షన్ వేరే ఉంది. నా భార్య ఐదో నెల గర్భిణి, చీపురుపల్లిలో పుట్టింట్లో ఉంది. రిపోర్టు బాగుందని ధైర్యంగా వెళ్లి, ఒక రాత్రి తనతో కలిశాను. ఇది సెగ రోగమేనా? ఏ టెస్టు చేయించాలి? ఎవరికీ తెలియకుండా ఎక్కడికి వెళ్లాలి?

రాజాం నుంచి ఒకాయన

తమ్ముడూ, నాక్కూడా మలబద్ధకం ఉన్నప్పుడు గట్టిగా ముక్కితే తెల్లగా జిగురులా కారుతుంది. పదేళ్ల నుంచీ ఉంది. ధాతువు పోతోందని ఒక వైద్యుడు మూడు నెలలు లేహ్యం ఇచ్చారు, బలహీనత తగ్గలేదు. నీదీ నాదీ ఒకటేనా?

ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం

రాజాం అన్నయ్యా, మీది వేరు. మంట లేకుండా, ముక్కినప్పుడు మాత్రమే వచ్చే జిగురు ప్రోస్టేట్ గ్రంథి నుంచీ వీర్యకోశాల నుంచీ వచ్చే ద్రవం. అది జబ్బు కాదు, దానివల్ల బలం పోదు. బలహీనతకు షుగరు, రక్తహీనత చూపించుకోండి.

ఇక అడిగిన తమ్ముడికి. ముందు ఆ కల్చర్ రిపోర్టును నమ్మడం మానేయ్. నీకు మూడు విధాలుగా అన్యాయం జరిగింది, అందులో నీ తప్పు లేదు. ల్యాబ్‌లో "మొదట కొంచెం వదిలేసి, మధ్యలో పట్టి ఇవ్వండి" అని ఉంటారు. మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్‌కి అది సరైన పద్ధతి. నీ జబ్బు మాత్రం మూత్రనాళంలో ఉంది. చీమూ క్రిములూ మొదటి ధారలోనే కొట్టుకుపోతాయి, నువ్వు పారబోసింది అదే. రెండోది, నువ్వడిగిన సెగ రోగం తెచ్చే గనేరియా క్రిమి మామూలు యూరిన్ కల్చర్ ప్లేటు మీద పెరగదు. దానికి వేడిచేసిన రక్తం కలిపిన ప్రత్యేకమైన ప్లేటు, కార్బన్ డయాక్సైడ్ ఉన్న వాతావరణం కావాలి. నమూనా ఆరిపోయినా, ఫ్రిజ్‌లో పెట్టినా చచ్చిపోతుంది. ఇలాగే కలయికతో అంటుకునే ఇంకో క్రిమి క్లమీడియా అయితే ఏ ప్లేటు మీదా పెరగదు, అది మన కణాల లోపలే బతుకుతుంది. మూడోది, సిప్రో మూడో రోజున నమూనా ఇచ్చావు. మందు కడుపులో ఉండగా ఇచ్చిన కల్చర్‌లో ఏమీ రాకపోవడం వింత కాదు.

నీకు కావలసింది స్మియర్. పొద్దున లేచాక మూత్రానికి వెళ్లకుండా, కుదరకపోతే కనీసం రెండు గంటలు ఆపుకుని వెళ్లు. అంగం చివర వచ్చిన చీముని సన్నని స్వాబ్‌తో తీసి, గాజు స్లైడు మీద రాసి గ్రామ్ రంగు వేస్తారు. మైక్రోస్కోప్ కింద చీము కణాల కడుపులో ఎర్రగా జంట జంటగా కాఫీ గింజల్లా కనిపిస్తే అది గనేరియా. నీలా చీము కారుతున్న మగవాళ్లలో ఈ పరీక్ష తప్పడం చాలా అరుదు. అరగంటలో తేలిపోతుంది.

దీనికి ఒక హద్దుంది. క్లమీడియా ఈ స్లైడు మీద కనబడదు. చీము కణాలు బోలెడుండి జంట గింజలు లేకపోతే క్లమీడియా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. గనేరియా కనబడినా, దానితో పాటు క్లమీడియా లేదని ఆ స్లైడు చెప్పలేదు. దాన్ని పట్టుకోవడానికి క్రిమి జన్యువుని వెతికే పీసీఆర్ తరహా పరీక్ష ఉంది. దానికి మూత్రం సరిపోతుంది, కానీ మొదటి ధారే పట్టాలి. సీసా అడుగున ఇరవై మిల్లీలీటర్లు చాలు, నిండా పోస్తే పలచబడిపోతుంది. మన ఊళ్ల ల్యాబులు చాలావరకు దీన్ని బయటి నగరానికి పంపుతాయి, కాబట్టి రిపోర్టుకి రోజులు పడుతుంది.

బొబ్బిలి

ఇంత హైరానా ఎందుకు గురూ. మా స్నేహితుడు గుజరాత్ వేరావల్‌లో బోటు మీద పనిచేసి వచ్చాడు, అచ్చం ఇదే. ఒక్క ఇంజెక్షన్‌తో మర్నాటికి చీము ఆగిపోయింది. మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ ఐదొందలది మూడు రోజులు వేసుకున్నా పోతుందంటారు. టెస్టులు డబ్బు దండగ.

ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం

ఇంజెక్షన్ మాట నిజమే. మీ స్నేహితుడికి ఆ తర్వాత రెండు మూడు వారాలకి పల్చటి తెల్లటి స్రావం, సన్నటి మంట రాలేదా, అడిగి చూడండి.

బొబ్బిలి

అడిగాను. వచ్చిందట. ఇన్నాళ్లూ నాకు చెప్పలేదు.

సుఖవ్యాధుల క్లినిక్‌లో పనిచేసిన కౌన్సిలర్, విజయనగరం

అందుకేనమ్మా రెండింటికీ కలిపి వైద్యం చేస్తారు. గనేరియా రెండు నుంచి ఏడు రోజుల్లో చిక్కటి చీముతో బయటపడుతుంది. క్లమీడియాకి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, చీమూ పలచన, మంటా తక్కువ. ఒకే రోజు రెండూ అంటుకున్నా, మొదట గోల చేసేది గనేరియా. దాన్ని ఇంజెక్షన్‌తో ఆపేస్తే వెనకాల రెండోది మెల్లగా బయటికి వస్తుంది.

షాపులో అజిత్రోమైసిన్ కొనడం తప్పు దారి. గనేరియా మీద అది ఒక్కటీ నమ్మదగింది కాదు, సిప్రోకైతే మన దేశంలో ఈ క్రిమి ఎప్పుడో మొండికేసింది. బాబూ, నీకు మూడో రోజుకి తగ్గింది నయమై కాదు, క్రిములు కొన్ని చచ్చి కొన్ని మిగిలాయి.

ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సుఖవ్యాధులకి సురక్షా క్లినిక్ అని ఉంటుంది, చర్మవ్యాధుల ఓపీ దగ్గర అడుగు. సిగ్గనిపిస్తే ఓపీ చీటీ దగ్గర "చర్మం" అని చెబితే చాలు, మిగతాది డాక్టరుతో లోపల మాట్లాడు. మగవాళ్లకి చీము కారితే అక్కడ బూడిద రంగు కిట్ ఇస్తారు. దానిలో సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఉంటాయి. రెండూ ఒకేసారి వేసుకోవాలి, ఏమైనా తినేసి వేసుకుంటే వాంతి భయం తక్కువ. గంటలోపు వాంతి అయితే మళ్లీ వచ్చి చెప్పాలి.

ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం

అక్కా, ఇతను ఇప్పటికే ఒక మందు సగంలో వాడి ఉన్నాడు. నేనైతే మాత్ర కంటే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షనే అడగమంటాను. ఈ మధ్య డాక్టర్లు దాని వైపే మొగ్గుతున్నారు.

సుఖవ్యాధుల క్లినిక్‌లో పనిచేసిన కౌన్సిలర్, విజయనగరం

కిట్‌తో నయమైన వాళ్లని నేను చాలామందిని చూశాను, అందుకే దాన్ని తీసిపారేయలేను. అయినా ఇంజెక్షన్ గట్టిదన్న మాట ఒప్పుకుంటాను, గొంతులో ఇన్‌ఫెక్షన్ ఉంటే మరీను. అది తుంటి కండకి ఒక్కసారే, 500 మిల్లీగ్రాములు. కొందరు డాక్టర్లు ఒక గ్రాము ఇస్తారు. దానితో క్లమీడియాకి డాక్సీసైక్లిన్ 100 రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు. దాన్ని పెద్ద గ్లాసుడు నీళ్లతో మింగాలి, మింగగానే పడుకోకూడదు, పాలతో వేసుకోకూడదు. పెన్సిలిన్ పడదని ఎప్పుడైనా తేలి ఉంటే ముందే చెప్పు. ఏది ఇవ్వాలో నిన్ను చూసిన డాక్టరే తేలుస్తారు.

ఇక అమ్మాయి సంగతి. ఇది ఆలస్యం చేయకూడని విషయం. ఆడవాళ్లలో ఈ రెండు జబ్బులూ చాలాసార్లు ఏ గుర్తూ చూపించవు, కాబట్టి "తనకేమీ లేదు" అనుకోవద్దు. గర్భంతో ఉన్నప్పుడు వదిలేస్తే నెలలు నిండకుండా కాన్పు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. కాన్పులో బిడ్డ కళ్లకి అంటుకుంటే పుట్టిన మొదటి రోజుల్లోనే కళ్లు చీము కట్టేస్తాయి, గనేరియా అయితే చూపే పోవచ్చు. క్లమీడియా బిడ్డ ఊపిరితిత్తులకీ పాకుతుంది. అయితే వైద్యం ఉంది, బిడ్డకి హాని చేయనిది. సెఫ్ట్రియాక్సోన్ గర్భిణులకి ఇస్తారు, క్లమీడియాకి అజిత్రోమైసిన్ ఒక గ్రాము ఇస్తారు. డాక్సీ మాత్రం గర్భిణికి ఇవ్వరు. నీ స్ట్రిప్పులో మిగిలినవి తనకి ఇచ్చే పొరపాటు చేయకు. తనకి మందు వాడిన నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించాలి.

అడిగినవారు

తనకి ఎలా చెప్పాలి అక్కా? చెప్పకుండా ఏదో బిళ్ల ఇప్పించే మార్గం లేదా?

టెక్కలి నుంచి ఒకామె

నేను భార్య స్థానంలో ఉండి చెప్తున్నాను. నాకు పెళ్లైన రెండో ఏట పొత్తికడుపు నొప్పి వచ్చింది. మా ఆయన తన సంగతి దాచి, తను మాత్రం మందు వాడుకున్నారు. నాకు గర్భసంచి పక్క గొట్టాలు మూసుకుపోయాయి. బాబూ, దాచకు. నాకు జరిగినదానిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది జబ్బు కాదు, అది.

సుఖవ్యాధుల క్లినిక్‌లో పనిచేసిన కౌన్సిలర్, విజయనగరం

తెలియకుండా మందు ఇప్పించడం కుదరదు, చేయకూడదు కూడా. తనకి చూపించే డాక్టరుకి ఎందుకు ఇస్తున్నారో తెలియాలి. ఒక్కడివే చెప్పలేకపోతే, తనని తీసుకుని కౌన్సిలర్ దగ్గరికి రా. ఆ గదిలో నువ్వు మొదలుపెట్టు, మిగతాది వాళ్లు చెబుతారు. జంటల్ని అలా కూర్చోబెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. కొన్ని బాగా జరిగాయి, కొన్ని జరగలేదు. వైజాగ్‌లో కలిసిన మనిషికీ తెలియజేయగలిగితే తెలియజేయి, రెండు నెలల్లో కలిసినవాళ్లందరూ చూపించుకోవాలి.

హెచ్ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్షలు అదే ఆసుపత్రిలో ఉచితం. ఈ రోజు ఒకసారి, మూడు నెలలకి ఇంకోసారి. కలిసిన 72 గంటల్లోపు వస్తే హెచ్ఐవీ రాకుండా మందు ఉండేది, నీకు ఆ గడువు దాటిపోయింది. ఆసుపత్రికి వెళ్లే ముందు మాట్లాడాలనిపిస్తే 1097కి ఫోన్ చేయి, పేరు అడగరు.

అడిగినవారు (నాలుగు రోజుల తర్వాత)

ఆసుపత్రికి వెళ్లాను. పొద్దున ఆరింటి నుంచి మూత్రం ఆపుకుని వెళ్తే స్వాబ్ తీశారు, మంట పుట్టింది కానీ రెండు క్షణాలే. స్లైడులో జంట గింజలు కనబడ్డాయని చెప్పారు. తుంటికి ఇంజెక్షన్ ఇచ్చి డాక్సీ రాశారు. చీము రెండో రోజుకి ఆగింది, మంట కొంచెం ఉంది. హెచ్ఐవీ మొదటి పరీక్ష నెగెటివ్.

ల్యాబ్ టెక్నీషియన్, శ్రీకాకుళం

మంచిది. చీము ఆగినా ఏడు రోజుల మాత్రలూ పూర్తి చేయి. కోర్సు అయ్యేదాకా, మీ ఆవిడకి మందు పడి వారం గడిచేదాకా కలవొద్దు, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. ఐదు రోజులు దాటినా చీము తగ్గకపోతే, లేదా ఆగి మళ్లీ మొదలైతే, ఈసారి గనేరియా కోసమే వేసే కల్చర్ అడుగు. ఏ మందు పనిచేస్తుందో అది చెబుతుంది. మూడు నెలలకి మళ్లీ పరీక్ష చేయించుకో. పీసీఆర్ చేయించాలనుకుంటే నెల రోజులు ఆగు, చచ్చిన క్రిముల జన్యువు కూడా పాజిటివ్ చూపిస్తుంది. వృషణం ఒకవైపు వాచి నొప్పి పెడితే ఆ రోజే వెళ్లు.

అడిగినవారు

అలాగే అన్నయ్యా. సోమవారం చీపురుపల్లి వెళ్తున్నాను, అక్క చెప్పిన కౌన్సిలర్ గదికి తనని తీసుకెళ్లాలని. ఇంట్లో ముందు నేనే చెప్పాలా, అక్కడికి వెళ్లాక చెప్పాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

టెక్కలి నుంచి ఒకామె

ఇంట్లోనే చెప్పు. బస్సులో దారంతా ఏదో ఆలోచిస్తూ ఆసుపత్రి దాకా వచ్చి వినాల్సిన మాట కాదు అది.