షిఫ్టు డ్యూటీకి అలారం రిపీట్ పెట్టాలా, మానేయాలా?

కొత్త ఆపరేటర్: మాకు రెండు రోజులు ఎ షిఫ్టు, రెండు బి, రెండు సి, రెండు ఆఫ్. ఎ షిఫ్టుకి బస్సు 5:10కి. గూగుల్ క్లాక్‌లో 4:15కి సోమ, మంగళ అని రిపీట్ పెట్టా. మొదటి విడత బాగానే మోగింది. తర్వాత ఆఫ్ రోజున లేపింది, డ్యూటీ రోజున మోగలేదు. రిపీట్ పెట్టాలా, మానాలా?

పాల కేంద్రం: నేను ఏడు రోజులూ నొక్కేశాను. నాలుగింటికి మోగుతుంది, లేస్తాను. ఇందులో చర్చేముంది?

గాజువాక చార్జిహ్యాండ్: మీకు రోజూ పాలొస్తాయండీ, ఆయనకి రోజూ ఎ షిఫ్టు రాదు. తమ్ముడూ, నీ చక్రం ఎనిమిది రోజులది, వారం ఏడే. ఈసారి ఎ షిఫ్టు సోమ, మంగళ అయితే వచ్చేసారి మంగళ, బుధ. అందుకే సోమవారం ఆఫ్‌లో మోగింది, బుధవారం మోగలేదు. మళ్లీ సోమ, మంగళకి రావాలంటే 56 రోజులు పడుతుంది. కాబట్టి రిపీట్ తీసెయ్. కానీ రిపీట్ లేని అలారం ఒకసారి మోగి తనే ఆఫ్ అయిపోతుంది. రెండో రోజుకి మళ్లీ ఆన్ చేయాలి, జనం మరిచిపోయేది అక్కడే. నేను క్యాలెండర్‌లో ఎనిమిది రోజులకోసారి వచ్చేలా 'రేపు ఎ షిఫ్టు' అని రాత్రి తొమ్మిదికి పెట్టుకున్నా, రెండు రాత్రులకీ ఒక్కోటి. అది ఒక్క టింగ్ అని ఊరుకుంటుంది, నిద్ర లేపదు. అలారం ఆన్ చేయమని గుర్తుచేయడానికే.

ఫిట్టర్ బాబాయ్: ఇదంతా ఎందుకు? రింగ్ వాల్యూమ్ ఫుల్ పెట్టి, Gradually increase volume ని 60 సెకన్లు చేస్తే చచ్చినట్టు లేస్తాడు.

గాజువాక చార్జిహ్యాండ్: బాబాయ్, అలారానికి స్లైడర్ వేరు. రింగ్ ఫుల్ ఉన్నా అలారం స్లైడర్ సగంలో ఉంటే, శబ్దం పెరిగి పెరిగి ఆ సగం దగ్గరే ఆగుతుంది. కూలర్ హోరులో 60 సెకన్లు పెడితే మొదటి అర నిమిషం వినపడదు కూడా. నేను 20 పెట్టా.

రాత్రి నర్సు: నాకు మాత్రం నెమ్మదిగా పెరిగేదే కావాలండీ. పగలు పడుకునేదాన్ని, ఒక్కసారిగా మోగితే గుండె దడ. పక్కన పాప కూడా లేస్తుంది. ఈ సెట్టింగ్ అన్ని అలారాలకీ ఒకటే అవడమే ఇబ్బంది.

కొత్త ఆపరేటర్: స్నూజ్ 10 నిమిషాలుంది. రెండుసార్లు నొక్కితే 4:35. బస్‌స్టాప్‌కి పావుగంట నడక. అంటే చేతిలో మిగిలేది ఇరవై నిమిషాలే.

గాజువాక చార్జిహ్యాండ్: Snooze length ఐదు చెయ్, రెండు నొక్కుళ్లకీ 4:25 దాటదు. Silence after కూడా చూడు. అక్కడున్న నిమిషాలు దాటితే నువ్వు లేవకపోయినా నోరు మూసుకుంటుంది.

ఫిట్టర్ బాబాయ్: అసలు స్నూజే తీసేసి రెండో ఫోన్ వంటింట్లో పెట్టాలంటాను.

రాత్రి నర్సు: అప్పుడు లేచేది వదినగారు, ఆయన కాదు.