ఆడిటింగ్ నోట్సును చెక్‌లిస్ట్‌గా మార్చడం: రుణగ్రస్తుల చాప్టర్

ఆమదాలవలస, బి.కాం. విద్యార్థిని:
రుణగ్రస్తుల సరిచూపు మీద నా నోట్సు చాలా పేజీలుంది. చదివితే అర్థమవుతోంది కానీ ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఏది రాయాలో తోచట్లేదు, టెన్షన్‌గా ఉంది. చెక్‌లిస్ట్ ఎలా చేసుకోవాలి?

రాజాం, ఫైనలియర్:
కన్ఫర్మేషన్ లెటర్ గురించి బాగా రాయి చెల్లీ. బాకీ ఉన్నానని అవతలివాడే సంతకం పెట్టాక ఇంక చూసేదేముంది?

పలాస, జీడిపప్పు వ్యాపారి:
బాకీలు రాబట్టడానికైతే ముందు నోటీసు పంపాలమ్మా. నాకూ ఓ పార్టీ నాలుగు లక్షలు ఇవ్వాలి, అడిగితే 3,20,000 అంటున్నాడు.

విజయనగరం, ఆడిట్ ఆఫీసు:
అన్నయ్యగారూ, ఆ అమ్మాయి అడిగింది వసూలు గురించి కాదు, పరీక్ష గురించి. కానీ మీ లెక్క మాకు బాగా పనికొస్తుంది.

చెల్లీ, నోట్సును కుదించకు, మూడు ప్రశ్నల కింద విడగొట్టు: బాకీ నిజంగా ఉందా, అంకె సరైనదేనా, డబ్బు వస్తుందా. ఒక్కోదాని కింద ఏం చేస్తాను, ఏ కాగితం చూస్తాను, ఎక్కడ బోల్తా పడతాను అని రాసుకో. రాజాం తమ్ముడు చెప్పిన లెటర్ మొదటి ప్రశ్నకు గట్టి సాక్ష్యమే, రెండోదానికీ కొంత సాయపడుతుంది, కానీ బాకీ ఒప్పుకున్నవాడు దివాలా తీసి ఉండొచ్చు కదా, అందుకే మూడోదానికి బాకీల వయసు పట్టిక, మార్చి తర్వాతి బ్యాంకు స్టేట్‌మెంటు, పార్టీతో నడిచిన ఉత్తరాలు చూడాలి.

ఇప్పుడు పలాస లెక్క. తేడా 80,000. అందులో 50,000 పార్టీ మార్చి 30న పంపితే ఏప్రిల్ 3న మన ఖాతాలో పడిందనుకో, అది దారిలో ఉన్న డబ్బు, స్టేట్‌మెంటులో కనిపిస్తే చాలు. మిగతా 30,000 సరుకు మార్చిలోనే వాపసు వచ్చినా క్రెడిట్ నోటు రాయలేదనుకో, అది పుస్తకాల తప్పు, బాకీ 3,70,000కి తగ్గాలి. గోదాము రిజిస్టరు తీసి ఆ సరుకు ముగింపు స్టాకులో చేరిందో లేదో కూడా చూడాలి, చాలామంది ఇది వదిలేసి మార్కులు పోగొట్టుకుంటారు.

ఆమదాలవలస:
అక్కా, జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేనా?

విజయనగరం:
అదే అసలు మెలిక. తేడా ఉంటేనే రాయమన్న లెటరైతే మౌనాన్ని అలా తీసుకుంటారు, అదీ బలహీన సాక్ష్యమే. తప్పక జవాబివ్వమన్నదైతే మళ్లీ రాయాలి, అప్పటికీ రాకపోతే ఇన్‌వాయిస్, డెలివరీ చలానా, తర్వాతి వసూళ్లు చూడాలి. ఏదైనా జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి, కంపెనీ చేతుల మీదుగా కాదు.

రాజాం:
పరీక్షలో దీన్ని పట్టికగా వేస్తే మార్కులిస్తారా? మా మేడమ్ వ్యాసంలాగే రాయమంటారు.

విజయనగరం:
అది దిద్దేవాళ్లను బట్టి ఉంటుంది తమ్ముడూ. మీ మేడమ్‌నే అడగండి.