పౌడరా, స్ప్రేనా? బరంపురం ఉక్కలో పెళ్లి మేకప్‌ని నిలబెట్టేది ఏది

పెళ్లికూతురి అక్క (బరంపురం)
మే నెలలో మా చెల్లి పెళ్లి. ముహూర్తం రాత్రి పదకొండు దాటాక, మేకప్ మాత్రం ఏడింటికే మొదలుపెట్టాలి. బ్యూటీషియన్ సెట్టింగ్ పౌడర్ ఒక్కటీ చాలంటోంది. చెల్లేమో సెట్టింగ్ స్ప్రే కొట్టాల్సిందే అంటోంది. రెండిట్లో మేకప్‌ని నిజంగా పట్టి ఉంచేది ఏది?

పర్లాకిమిడి కోడలు
స్ప్రే దండగమ్మా. నేనూ కొన్నాను. సీసా తిప్పి చూస్తే నీళ్లు, గ్లిజరిన్, కాస్త సెంటు, అంతే. కొట్టుకుంటే అప్పటికి ముఖం తళతళలాడింది, గంటకి మామూలే. మా అమ్మ కాలం నుంచీ పెళ్లికూతురికి పౌడరే కదా, ఎవరి ముఖం కారిపోయింది? ఆ డబ్బులతో మంచి పౌడర్ కొనండి.

ముస్తాబు గది (బరంపురం)
వదినా, మీరు కొన్న సీసా గురించి మీరన్నది నిజమే. కానీ స్ప్రేలన్నీ అదే కాదు. స్ప్రే పేరుతో రెండు వేరే వేరే సరుకులు అమ్ముతున్నారు. నీళ్లు, గ్లిజరిన్ ఉన్నది ముఖాన్ని తడిపి, పైన తేలుతున్న పౌడర్‌ని చర్మంలో కలిపేస్తుంది. పిండి పూసినట్టు కనబడకుండా చేస్తుంది, అంతవరకే దాని పని. రెండోదాంట్లో పొర కట్టే పదార్థం ఉంటుంది. సీసా వెనక చూడండి, కోపాలిమర్ అనో పీవీపీ అనో రాసి ఉంటుంది, చాలావాటిలో ఆల్కహాల్ కూడా ఉంటుంది. ఆల్కహాల్, నీళ్లు ఆరిపోయాక ఆ పదార్థం సన్నటి పొరలా మేకప్ మీద మిగులుతుంది. పట్టి ఉంచేది ఆ పొరే.

కొనేముందు ఆ వెనక అక్షరాలు చదవండి. ఇంట్లో తేల్చుకోవాలంటే అద్దం మీద కొట్టి ఆరనివ్వండి. ఎంతసేపైనా తడితడిగా వేలికి అంటుతుంటే అది గ్లిజరిన్ సరుకే.

ఇక చెల్లి పెళ్లి సంగతి. మేకప్‌ని చెడగొట్టేవి మూడు: లోపలి నుంచి వచ్చే జిడ్డు, పైకి వచ్చే చెమట, రాపిడి. జిడ్డుని పీల్చేది పౌడరే. ఫౌండేషన్ వేశాక దాంట్లో తడి ఆరినా నూనె జిగట మిగులుతుంది. పౌడర్ రేణువులు ఆ జిగట మీద కూర్చుని పైభాగాన్ని పొడిగా చేస్తాయి, ఆ తర్వాత ఊరే జిడ్డుని కొంతమేర తాగుతాయి. కొంతమేర మాత్రమే. నిండిపోయాక ముద్ద కడతాయి. చెమట ముందు పౌడర్ నిలవదు. అక్కడ స్ప్రే పొర పనిచేస్తుంది. కానీ స్ప్రే జిడ్డుని ఆపలేదు, ఎందుకంటే జిడ్డు ఆ పొర కిందనుంచే ఊరి దాన్ని పైకి లేపేస్తుంది.

పోయిన వేసవిలో ట్రయల్ రోజున ఒక పెళ్లికూతురిని అడిగి, ఒక సగం ముఖానికి పౌడర్ మాత్రమే, రెండో సగానికి పొర కట్టే స్ప్రే మాత్రమే వేశాను. ఫ్యాన్ ఆపేసి కూర్చోబెట్టాను. మూడు గంటలయ్యాక రెండువైపులా టిష్యూ అద్ది చూశాం. స్ప్రే వైపు బుగ్గ చెక్కుచెదరలేదు గానీ, ముక్కు పక్కన టిష్యూకి నూనె మరకతో పాటు ఫౌండేషన్ రంగు కూడా అంటుకొచ్చింది. పౌడర్ వైపు ముక్కు శుభ్రంగా ఉంది. కానీ కణత దగ్గర చెమట కారిన దారి గీతలా చెవి దాకా కనబడింది. అందుకే పెళ్లిరోజున రెండూ వేశాను, కానీ పౌడర్ అన్నిచోట్లా ఒకేలా కాదు. ముక్కు, నుదుటి నడిమి భాగం, గడ్డం మీద పఫ్‌తో పౌడర్ అద్దాను. రుద్దితే కింద ఫౌండేషన్ చెదురుతుంది, అద్దాలి. కణతలు, బుగ్గలు, మెడ మీద పౌడర్ చాలా పల్చగా వేసి, తర్వాత జానెడు దూరం నుంచి ముఖమంతా స్ప్రే కొట్టాను.

కొరాపుట్ చలి
అక్కా, నాది పొడి చర్మం. మా ఊళ్లో చలికాలం పౌడర్ వేస్తే కళ్ల కింద బీటలు వారినట్టు కనిపిస్తుంది. నాకు ఎవరూ పౌడర్ చెప్పకండి, ఆ గ్లిజరిన్ స్ప్రేనే నాకు నచ్చుతుంది. వదిన దండగ అన్నది నాకు దండగ కాదు.

ముస్తాబు గది (బరంపురం)
నీకు అదే సరిపోతుందమ్మా. నీ ముఖానికి పీల్చాల్సిన జిడ్డే లేదు, పౌడర్ పని ఏముంటుంది? కళ్ల కింద చర్మం సన్నం, నవ్వినప్పుడల్లా మడత పడుతుంది, పౌడర్ ఎక్కువైతే ఆ మడతల్లో చేరి గీతలు తేలుస్తుంది. జిడ్డు చర్మం వాళ్లకైనా అక్కడ గోరంత వేస్తే చాలు. కానీ అడిగింది మే నెల బరంపురం, అది నీ ఊరి వాతావరణం కాదు.

గోపాల్‌పూర్ ఫోటోగ్రాఫర్
నేను పెళ్లి ఫోటోలు తీసేవాణ్ణి, ఒక మాట చెప్పాలి. కంటికి కనబడని తెల్ల పౌడర్ ఫ్లాష్‌లో కళ్ల కింద సున్నం పూసినట్టు వస్తుంది. తలంబ్రాల ఫోటోల్లో చాలాసార్లు చూశాను. ట్రయల్ రోజునే లైట్లు ఆపి ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసుకోండి.

ముస్తాబు గది (బరంపురం)
చాలా మంచి మాట అన్నారండి. సిలికా ఎక్కువున్న పౌడర్‌తో ఈ చిక్కు వస్తుంది. కొంచెమే వేసి, మిగిలింది మెత్తటి బ్రష్‌తో దులిపేయాలి.

పెళ్లికూతురి అక్క (బరంపురం)
బాసికం కట్టేచోట ఏం చేయాలి? మా పిన్ని కూతురి పెళ్లిలో దారం రాసుకుని అక్కడ మేకప్ అంతా ఊడి వచ్చింది. హోమం దగ్గర మళ్లీ స్ప్రే కొట్టొచ్చా?

ముస్తాబు గది (బరంపురం)
హోమం దగ్గర స్ప్రే తీయనే వద్దు. చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, మంట అంటుకుంటుంది. దీపాల దగ్గరా అంతే. పీటల మీదకి వెళ్లకముందే గదిలో, కళ్లు మూసి, కొట్టేసుకోవాలి. బాసికం కట్టే గీతలో ఫౌండేషన్ పల్చగా ఉంచి, పౌడర్ గట్టిగా అద్ది, స్ప్రే కొట్టాక విసనకర్రతో విసిరి పూర్తిగా ఆరనిచ్చి అప్పుడు కట్టండి. తడిగా ఉండగా కడితే పొర దారానికే అంటుకుని దాంతోపాటే లేస్తుంది. ఎంత చేసినా ఆ చోట కొంత పోతుంది, కన్సీలర్ దగ్గర పెట్టుకోండి.

మధ్యలో మెరిస్తే రుమాలుతో తుడవద్దు. టిష్యూ అద్ది, చెమట ఆరాక మాత్రమే పౌడర్ కొద్దిగా. తడి చెమట మీద పౌడర్ వేశారా, ముద్దలే.

ఒక్క జాగ్రత్త: పీవీపీ గాలిలో తేమని లాక్కుంటుంది. సముద్రం పక్క ఉక్కలో అదొక్కటే ఉన్న స్ప్రే జిగటగా తగులుతుంది. కోపాలిమర్ అని రాసి ఉన్నది మన ఊరికి మేలు.

పర్లాకిమిడి కోడలు
సరే, సీసా వెనక చదవడం నేర్చుకుంటాను. కానీ పౌడర్‌కి ముందే ఒకసారి, తర్వాత ఒకసారి స్ప్రే కొట్టమని మా ఆడపడుచు అంటుంది. అది ఎంతవరకు నిజం?

ముస్తాబు గది (బరంపురం)
దాని మీద మా బ్యూటీషియన్లలోనే ఒక మాట లేదు వదినా. నాతో పనిచేసే అమ్మాయి ముక్కు మీద అలాగే చేస్తుంది, నిలుస్తుందనే అంటుంది. నాకైతే పొర తడి ఆరకముందే పౌడర్ పడి మచ్చలు కట్టింది, ఆరనిచ్చాక వేస్తే పౌడర్ సరిగ్గా పట్టుకోలేదు.

కొరాపుట్ చలి
నేను పౌడరే వేయను కదక్కా, దాని సంగతి నాకు తెలీదు. జిడ్డు చర్మానికి ఎలా ఉంటుందో పెళ్లికూతురి ట్రయల్ అయ్యాక చెప్పండి.