కాలిబ్రేషన్‌కి పంపిన గేజ్ "అడ్జస్ట్ చేయలేం, వాడకం ఆపేయండి" అంటున్నారు. ఒప్పుకోవాలా?

ఆటోనగర్ సూరి:
గాజువాక దగ్గర మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. పైపులకి హైడ్రో టెస్ట్ చేసే 0–16 కేజీల ప్రెషర్ గేజ్‌ని ల్యాబ్‌కి పంపితే ఈ మెయిల్ వచ్చింది: "క్లాస్ 1 గేజ్, హద్దు ±0.16. 12 కేజీల దగ్గర ప్రెషర్ పెంచేటప్పుడు 11.8, దించేటప్పుడు 12.3 చూపిస్తోంది. ప్రతి రీడింగూ గేజ్‌ని మెల్లగా తట్టాకే తీసుకున్నాం. అడ్జస్ట్‌మెంట్ సాధ్యం కాదు. వాడకం నుంచి తొలగించగలరు." ముల్లు బాగానే కదులుతోంది, అద్దం కూడా పగల్లేదు. కొత్తది కొనిపించడానికే ఇలా అంటున్నారా?

మధురవాడ శ్రీను:
ముల్లు ఊడదీసి సరైన చోట మళ్ళీ గుచ్చితే సరిపోతుంది అన్నా. మా వర్క్‌షాపులో ఎన్నిసార్లు చేశామో. లోపల లింక్ స్క్రూ కూడా ఉంటుంది, దాన్ని జరిపితే పై రీడింగ్‌లు కూడా దారిలోకి వస్తాయి.

పాత ఇన్‌స్ట్రుమెంట్ మేస్త్రి:
శ్రీను చెప్పిన రెండు పనులూ నిజమైనవే. గేజ్ అన్ని చోట్లా ఒకే తేడా చూపిస్తే ముల్లు జరపాలి. పైకి వెళ్ళేకొద్దీ తేడా పెరుగుతుంటే లింక్ జరపాలి. కానీ సూరి గారి గేజ్‌ది ఈ రెండూ కాదు. ఒకే 12 కేజీలకి అది రెండు మాటలు చెబుతోంది. ఆ రెండింటి మధ్య దూరం 0.5. హద్దు అటు 0.16, ఇటు 0.16, మొత్తం కలిపినా 0.32. ముల్లుని సరిగ్గా మధ్యకి జరిపినా ఒకవైపు 0.25 తక్కువ, ఇంకోవైపు 0.25 ఎక్కువ చూపిస్తుంది. 0.32 వెడల్పు గుమ్మంలోంచి 0.5 వెడల్పు బల్లని ఎటు తిప్పితే పడుతుంది?

తట్టి చూశామని ల్యాబ్ రాసింది కదా, ఆ మాట ముఖ్యం. లోపలి చక్రాల పళ్ళు అరిగి ముల్లు పట్టేస్తుంటే, తట్టగానే జారి తేడా తగ్గుతుంది. అప్పుడు మూవ్‌మెంట్ శుభ్రం చేయడమో మార్చడమో చూడొచ్చు. తట్టాక కూడా తేడా అలాగే ఉందంటే, ప్రెషర్‌కి సాగి ముల్లుని తిప్పే వంపు ట్యూబే అలసిపోయిందని అనుమానించాలి. దానికి స్క్రూ లేదు.

లలిత, క్యూసీ:
మేస్త్రి గారి లెక్క సరే. కానీ "తొలగించగలరు" అని చెప్పడం ల్యాబ్ పని కాదు. వాళ్ళు కొలిచి, హద్దు దాటిందో లేదో రాయాలి. ఆపేయాలా, తక్కువ పనికి వాడుకోవాలా అన్నది గేజ్ యజమాని నిర్ణయం. నేనైతే పెంచేటప్పుడు 0.2 కలపాలి, దించేటప్పుడు 0.3 తీసేయాలి అని చార్టు అతికించి వాడతాను.

పాత ఇన్‌స్ట్రుమెంట్ మేస్త్రి:
నిర్ణయం యజమానిదే, ఒప్పుకుంటాను. చార్టుని మాత్రం ఒప్పుకోను అమ్మా. టెస్ట్ పంపు కొట్టేటప్పుడు ముల్లు పైకీ కిందకీ ఊగుతుంది, అప్పుడు ఏ వరస చూడాలి? పైగా ఆ తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు, అంతకుముందు ఎంత ప్రెషర్‌దాకా వెళ్ళిందో దాన్ని బట్టి మారుతుంది. కుర్రాడు పొరపాటున 14 దాకా కొట్టి, ముల్లు 12కి వచ్చేదాకా వదిలాడనుకోండి. పైపులో ఉన్నది దాదాపు 11.7. మనం 12 అని సర్టిఫికెట్ మీద సంతకం పెడతాం.

పెందుర్తి రమణ:
మా అమ్మగారి బీపీ మిషన్ కూడా ఇంతే, ఒకసారి 150, వెంటనే 135. దాన్ని కూడా పారేయమంటారా?

లలిత, క్యూసీ:
రమణ గారూ, అది వేరు. అక్కడ మనిషి బీపీయే నిమిషానికోలా మారుతుంది. ఇక్కడ ల్యాబ్ ప్రెషర్‌ని కదలకుండా పట్టి ఉంచుతుంది.

ఆటోనగర్ సూరి:
లెక్క అర్థమైంది మేస్త్రి గారూ, అనుమానించినందుకు బాధగా ఉంది. మరి రెండేళ్ళకే ట్యూబ్ ఎందుకు అలిసిపోయింది? రోజూ 12 దాకానే కొడతాం.

పాత ఇన్‌స్ట్రుమెంట్ మేస్త్రి:
కదలని ప్రెషర్ అయితే 16 గేజ్‌కి 12 పరవాలేదు. పంపు దెబ్బలు తగిలే చోట అది ఎక్కువే. హైడ్రో టెస్ట్‌కి టెస్ట్ ప్రెషర్‌కి రెట్టింపు రేంజ్ చూడాలి, ఒకటిన్నర రెట్లకి తగ్గకూడదు. మీకు 0–25 కావాలి. పంపుకీ గేజ్‌కీ మధ్య ఆ దెబ్బల్ని తగ్గించే స్నబ్బర్ కూడా పెట్టించండి.

మధురవాడ శ్రీను:
పాతదాన్ని ఎయిర్ లైన్ మీద పెట్టుకోవచ్చు కదా? గాలి ఉందో లేదో తెలిస్తే చాలు.

లలిత, క్యూసీ:
"కొలతకు కాదు" అని స్టిక్కర్ అంటిస్తే పెట్టొచ్చని నా ఉద్దేశం.

పాత ఇన్‌స్ట్రుమెంట్ మేస్త్రి:
నేను పెట్టనివ్వను. అలసిన ట్యూబ్ ఎప్పుడు చిట్లుతుందో తెలియదు. స్టిక్కర్ ఆరు నెలల్లో ఊడిపోతుంది, గేజ్ మళ్ళీ టెస్ట్ బెంచీ మీదకి వస్తుంది. డయల్ విరిచేయండి.

ఆటోనగర్ సూరి:
ఎర్ర ట్యాగ్ కట్టి బీరువాలో పెట్టాను. ఇప్పుడు నా టెన్షన్ వేరే. పోయిన ఏడాది సర్టిఫికెట్‌లో అన్నీ హద్దులోనే ఉన్నాయి. మధ్యలో ఎప్పుడు పాడైందో తెలియదు. ఆ ఏడాదిలో టెస్ట్ చేసి పంపిన పైపుల సంగతేంటి?

లలిత, క్యూసీ:
ఐఎస్ఓ 9001 ప్రకారం వాటిని వెనక్కి చూసి తీరాలి. ముందుగా 12 కంటే పైకి కొట్టి దించిన టెస్టులు ఏవో రిజిస్టర్‌లో వెతకండి. పెంచుకుంటూ వెళ్ళి 12 దగ్గర ఆపినవాటిలో అసలు ప్రెషర్ ఇంకా ఎక్కువే పడి ఉంటుంది, వాటిని తర్వాత చూడొచ్చు.

ఆటోనగర్ సూరి:
రిజిస్టర్‌లో చివరి రీడింగ్ ఒక్కటే రాశాం అండీ. పైనుంచి దించారో లేదో ఎక్కడా లేదు. రేపు కుర్రాళ్ళని ఒక్కొక్కరినీ అడుగుతాను.