యతి 12వ అక్షరమా, 13వ అక్షరమా? నోట్సు ఒకటంటోంది, పుస్తకం ఒకటంటోంది

పోస్టు (పెరంబూర్, చెన్నై)

అందరికీ నమస్కారం. నలభై దాటాక తెలుగు ఎమ్మే మొదలుపెట్టాను. ఆదివారం క్లాసులో రాసుకున్న నోట్సునీ, పుస్తకంలోని ఛందస్సు అధ్యాయాన్నీ కలిపి రెండు పేజీల్లో ఒక సారాంశం రాసుకుందామని కూర్చున్నాను. యతి దగ్గర బండి ఆగిపోయింది.

శార్దూలానికి నా నోట్సులో "12 మీద విరామం, అక్కడ మాట తెగాలి" అని ఉంది. పక్కన నా రాతలోనే "సూర్యులు 12, గుర్రాలు 7??" అని కూడా ఉంది. అదేమిటో నాకే గుర్తులేదు. పుస్తకంలో మాత్రం "యతిస్థానం 13వ అక్షరం". అదే అధ్యాయంలో యతిని ఒకచోట వళి అన్నారు, ఇంకోచోట విశ్రమం అన్నారు. ఇవన్నీ ఒకటేలే అనుకుని నోట్సులో విరామం అన్నచోటల్లా యతి అని మార్చేశాను. 12 నేనే తప్పు విని ఉంటానని 13 చేశాను. ఇప్పుడు నా సారాంశం ఇలా తయారైంది: "శార్దూలంలో 13వ అక్షరం యతి. యతి దగ్గర మాట తెగాలి." పోతన భాగవతంలో మొదటి పద్యం తీసి సరిచూస్తే 13వ అక్షరం దగ్గర మాట తెగడం కాదు, మొదలవుతోంది. ఎక్కడ తప్పాను?

ఒక సభ్యుడు (తాంబరం)

ఇందులో ఏముందమ్మా, యతి అంటే సన్యాసి. అక్కడ ఆగి విశ్రాంతి తీసుకుంటాడు కాబట్టే విశ్రమం అన్నారు.

పోస్టు పెట్టినావిడ

అన్నయ్యగారూ, ఆ యతి వేరు. నేనడిగేది పద్యంలో యతి.

రిటైరైన తెలుగు మాస్టారు (మైలాపూర్)

అమ్మా, నువ్వు తప్పు వినలేదు. పుస్తకమూ తప్పు కాదు. మార్చడంలో వచ్చింది చిక్కు.

మీ క్లాసులో చెప్పింది సంస్కృత పద్ధతి. సంస్కృతంలో యతి అంటే పాదం చదువుతూ ఆగే చోటు. శార్దూల లక్షణంలో "సూర్యాశ్వైః" అని వస్తుంది. సూర్యులు పన్నెండు మంది, సూర్యుడి గుర్రాలు ఏడు. అంటే 12 అక్షరాలకి ఆగి, తర్వాత 7 చదవాలి. నీ ప్రశ్నార్థకాల అర్థం అదే. తెలుగులో యతి అంటే ఆగడం కాదు, అక్షరాలు కలవడం. పాదం మొదటి అక్షరానికీ, ఆగిన తర్వాత వచ్చే అక్షరానికీ మైత్రి ఉండాలి. 12 దగ్గర ఆగితే తర్వాతది 13 కదా.

నువ్వు తీసిన పద్యంలోనే వేలు పెట్టి లెక్కపెట్టు.

శ్రీ కై వ ల్య ప దం బు జే రు ట కు నై | చిం తిం చె దన్ లో క ర

"నై" 12. అక్కడ మాట తెగింది, మీ లెక్చరరుగారి మాట నిలిచింది. "చిం" 13. శ్రీకీ చింకీ మైత్రి కుదిరింది, పుస్తకం మాటా నిలిచింది.

తమిళ మీడియంలో చదువుకున్న తమ్ముడు (వ్యాసార్పాడి)

అక్కా, దీన్నే మేం స్కూల్లో మోనై అని చదువుకున్నాం. ప్రాసని ఎదుగై అంటారు. మీ సారాంశంలో యతి = మోనై అని రాసేసుకోండి, పని అయిపోతుంది.

మాస్టారు

సగం నిజం నాయనా. అచ్చుల జట్లు రెంటికీ దాదాపు ఒకటే: అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఒకటి, ఉ ఊ ఒ ఓ ఇంకొకటి. కానీ మోనై సీరు మొదట్లో పడుతుంది. సీరంటే తమిళ పద్యంలో మన గణం లాంటి ముక్క. మొదటి సీరుతో మూడోది కలవచ్చు, రెండోది కలవచ్చు, అన్నీ కలవచ్చు. శార్దూలంలో లాగా ఫలానా అక్షరం దగ్గరే అన్న లెక్క లేదు. ఆమెకిప్పటికే ఒక మాటకి రెండు అర్థాలున్నాయి, మూడోది తగిలించకు.

ఇంకొక సభ్యురాలు (టి.నగర్)

మా అబ్బాయికి పోయినేడు ఇలాగే అయింది. ఫిజిక్సు పుస్తకంలో `ΔU = Q − W`, కెమిస్ట్రీ నోట్సులో `ΔU = q + w`. రెంటినీ కలిపి ఒకే కాగితం మీద రాసుకుంటూ ఒకదాంట్లో గుర్తు తప్పనుకుని దిద్దేశాడు. ఒకదాంట్లో W అంటే వాయువు చేసిన పని, ఇంకోదాంట్లో వాయువు మీద చేసిన పని. లెక్కలన్నీ తిరగబడ్డాయి పాపం.

మాస్టారు

అచ్చం ఇదే జబ్బు. మాట ఒకటే, అది చూపించే వస్తువు వేరు.

కాబట్టి అమ్మా, ముందు మాటలు మార్చకు. నోట్సులో వాక్యం, పుస్తకంలో వాక్యం విడివిడిగా ఉంచి, ప్రతిదాని పక్కన పెన్సిలుతో ఒకటే రాయి: ఇది ఆగే చోటు గురించా, అక్షరం కలవడం గురించా? పుస్తకంలోని వళి, విశ్రమం, విరతి పేరుకి ఏవైనా, తెలుగు లక్షణకారుల దగ్గర అక్షరం కలవడం గురించే. విశ్రమం అన్న మాట చూసి ఆగడం అనుకోకు, మోసపోయేది అక్కడే. ఆ గుర్తులు పెట్టుకున్నాక కలిపి రాయి. నేనైతే ఇలా రాస్తాను:

"శార్దూలం: మ స జ స త త గ, 19 అక్షరాలు. సంస్కృతంలో 12వ అక్షరం దగ్గర మాట తెగాలి. తెలుగులో 13వ అక్షరానికి మొదటి అక్షరంతో మైత్రి ఉండాలి, మాట తెగనక్కర్లేదు."

చివరి ముక్కకి సాక్ష్యం ఆ పద్యంలోనే మూడో పాదం. "విలసద్దృగ్జాల"లో 12వ అక్షరం "స", 13 "ద్దృ". విలసత్ అనే మాట పూర్తికాకముందే 12 అయిపోయింది. ద్రేకీ ద్దృకీ మైత్రి మాత్రం చక్కగా ఉంది.

సంస్కృతం చదువుకున్న ఒక సభ్యుడు

మాస్టారూ, ఆ సాక్ష్యం బలంగా లేదు. అది సమాసం మధ్యలో సంధి జరిగిన చోటు. అలాంటిచోట సంస్కృతం వాళ్లూ కొంత చూసీ చూడనట్టు పోతారు. దానికంటే మొదటి పాదం చివర చూడండి: "లోకర" అని ఆగి, రెండో పాదం "క్షైకారంభకు" అని మొదలైంది. రక్ష అన్న మాటే రెండు ముక్కలైంది. సంస్కృతంలో పాదాంతంలో అది ఒప్పుకోరు.

మాస్టారు

పాదాంతం వేరు, పాదం మధ్య వేరు. అయినా మీ ఉదాహరణే గట్టిది, ఒప్పుకుంటున్నాను. మూడో పాదం గురించి మాత్రం నా మాట నాదే.

పోస్టు పెట్టినావిడ

అర్థమైంది. స్రగ్ధర నేనే చేసి చూశాను. నోట్సులో 7, 7, 7. పుస్తకంలో 8, 15. ఏడుకి ఆగితే ఎనిమిది, పధ్నాలుగుకి ఆగితే పదిహేను. సరిపోయింది!

ఇంకొకటి. అఖండయతి చెల్లదని నోట్సు, చెల్లుతుందని పుస్తకం. దీన్లో ఏది ఆగడం, ఏది కలవడం?

మాస్టారు

ఇది ఆ రకం కాదు. రామాలయంలో "మా" యతిస్థానంలో పడిందనుకో. లోపల ఆలయం ఉంది కాబట్టి ఆ అచ్చుతోనే కలపాలంటారు కొందరు. విడదీయకుండా మకారంతో కలిపినా సరే అంటారు ఇంకొందరు. రెండు పక్షాలూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నాయి, అభిప్రాయం వేరు. లాక్షణికులే ఒక మాట మీద లేరు. దీన్ని నువ్వు సర్దకు. రెండూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన పెట్టుకో.

సంస్కృతం చదువుకున్న సభ్యుడు

పరీక్షలో మాత్రం ఒకటే రాయమంటారు కదా.

మాస్టారు

అది పేపరు దిద్దేవాళ్లని అడగాల్సిన ప్రశ్న.

పోస్టు పెట్టినావిడ

ఉత్పలమాలకి పుస్తకంలో 10 ఉంది, నోట్సులో ఏమీ లేదు. ఒకటి తీసేసి "సంస్కృతంలో 9 దగ్గర విరామం" అని నేనే వేసుకోవచ్చా?

మాస్టారు

వద్దమ్మా. నోట్సులోనూ లేదు, పుస్తకంలోనూ లేదు, నీ సారాంశంలోకి ఎక్కడినుంచి వస్తుంది? ఆ గడి ఖాళీగా వదిలేసి ఆదివారం క్లాసులో అడుగు.

పోస్టు పెట్టినావిడ

పెన్నుతో రాసేశాను మాస్టారూ. చంపకమాలకి కూడా. కొట్టేస్తున్నాను.