నీలం టిక్కు పడ్డాక ఎంతసేపటికి మళ్ళీ అడగాలి?

ప్రెస్ శీను: పెళ్ళికార్డు ప్రూఫ్ పీడీఎఫ్ నిన్న రాత్రి 9 గంటలకు పెళ్ళికొడుకు నాన్నగారికి వాట్సాప్‌లో పంపా. 9:20కి నీలం టిక్కులు పడ్డాయి. మధ్యాహ్నమైనా జవాబు లేదు. రేపు పొద్దున 10కి ప్లేటు వేయకపోతే మిషన్ వరుస వేరేవాళ్ళకి పోతుంది. ఇప్పుడు అడగొచ్చా, ఇంకా ఆగాలా?

గుంటూరు మిర్చి: నీలం పడిందంటే చూశారు. చూసి పలకట్లేదంటే పక్క ప్రెస్సులో రేటు కనుక్కుంటున్నారు. ఆలోచించకుండా ఫోన్ కొట్టు.

లక్ష్మీ గ్రాఫిక్స్: శీనూ, నీలం టిక్కు చెప్పేది ఆయన ఫోన్లో నీ చాట్ తెరుచుకుందని, అంతే. పీడీఎఫ్ నొక్కారో లేదో అది చెప్పదు. వాయిస్ మెసేజ్ అయితే వినగానే మైకు బొమ్మ నీలమవుతుంది, ఫైలుకి అలాంటి గుర్తే లేదు. అందుకే నేను పీడీఎఫ్‌తో పాటు కార్డు లోపలి పేజీ ఫోటో కూడా పెడతా. కింద "ముహూర్తం, ఇంటిపేర్లు, కల్యాణమండపం అడ్రసు చూసి ఓకే అని రాయండి" అంటా. ఏం చూడాలో తెలిస్తే జవాబు తొందరగా వస్తుంది.
ఇక టైము ప్లేటు నుంచి వెనక్కి లెక్కపెట్టుకో. పొద్దున 10కి ప్లేటు, తప్పులు దిద్దడానికి రాత్రి నీకో రెండు గంటలు కావాలి. అంటే సాయంత్రం 6 లోపు ఓకే రావాలి. ఇప్పుడే ఒకసారి ఫోన్ చేసి ఆ 6 గంటల సంగతి చెప్పు. టిక్కు ఏ రంగులో ఉన్నా ఈ లెక్క మారదు.

సురేష్ వరంగల్: అసలీ నీలం టిక్కు ఆపేసుడెట్లనో ఎవరన్నా చెప్పుండ్రి. మా మేనేజర్ సతాయిస్తున్నడు.

లక్ష్మీ గ్రాఫిక్స్: Settings, Privacy, Read receipts. మీది ఆపితే ఎదుటివాళ్ళవీ మీకు కనబడవు. గ్రూపుల్లో మాత్రం ఆగదు తమ్ముడూ, మీ మేనేజర్ గ్రూపులో పెడితే దొరికిపోతారు.

కిరణ్ డీటీపీ: ఎంతకీ రెండు బూడిద టిక్కుల దగ్గరే ఉంటే అవతలివాళ్ళు రీడ్ రిసీట్లు ఆపేశారనే.

లక్ష్మీ గ్రాఫిక్స్: ఆపేసి ఉండొచ్చు. చాట్ తెరవకుండా పైన నోటిఫికేషన్లోనే చదివి ఉండొచ్చు. కొట్లో కంప్యూటర్‌కి వాట్సాప్ కలిపి ఉంటే, చేతిలో ఫోన్ ఆఫ్‌లో ఉన్నా దానికి చేరి రెండో టిక్కు పడొచ్చు. ఒక్క టిక్కు దగ్గరే ఆగితే నెట్ లేదా, స్విచ్చాఫా, బ్లాక్ చేశారా అన్నది మనకి తేలదు.

గుంటూరు మిర్చి: అక్కా, ఇన్ని వంకలుంటే మరి ఆ టిక్కు పెట్టిందెందుకు? నీలం పడ్డాక "చూడలేదు" అనే హక్కు ఎవరికీ లేదు. నాకు జరిగింది చెప్తా. ప్రూఫ్ పంపా, నీలం పడింది, ఒకరోజు ఆగి అచ్చేశా. వధువు ఇంటిపేరు తప్పని 500 కార్డులూ నా మొహాన కొట్టారు. స్క్రీన్‌షాట్ చూపిస్తే "నేను ఓకే అన్నానా?" అన్నాడు.

లక్ష్మీ గ్రాఫిక్స్: ఓకే రాకుండా అచ్చేశావా? మరి ఆయన అడిగినదాంట్లో తప్పేముంది?

గుంటూరు మిర్చి: కాగితం డబ్బులు మీరిచ్చారా, మాట్లాడుతున్నారు! పెద్ద ఆఫ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళకి మా బాధేం తెలుస్తుంది.

లక్ష్మీ గ్రాఫిక్స్: నాది రెండు కంప్యూటర్ల డీటీపీ. ఆఫ్‌సెట్ ఎక్కడుంది బాబూ.

ఆడపిల్ల తండ్రి: నేను కార్డు వేయించుకున్న వైపు నుంచి చెప్తున్నా. కార్డు నేనొక్కణ్ణీ ఓకే అనేది కాదండీ. వియ్యంకుడు చూడాలి, మా పెద్దన్నయ్య చూడాలి, ఆహ్వానించేవారి పేర్లలో ఎవరిది ముందన్న దానిమీదే మా ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. చాట్ తెరిచిన పాపానికి ప్రెస్సాయన ఒకటే ఫోన్లు. ఆ తర్వాత ఆయన మెసేజ్ తెరవడమే మానేశాను. తెరవడం మటుకే నా చేతిలో ఉంది, ఓకే చెప్పడం కాదు.

గుంటూరు మిర్చి: సార్, మీరు మంచివారే. "అన్నయ్యగారు చూస్తున్నారు, ఎల్లుండి చెప్తా" అని ఒక్క ముక్క రాస్తే నేను ఆ ప్లేటు ఆపి ఇంకోళ్ళ పని ఎక్కించుకునేవాణ్ణి. నా గొడవ టిక్కుతో కాదు. మీరు పలక్కపోతే ఆ నష్టం ప్రతిసారీ మాకే ఎందుకు?

ఆడపిల్ల తండ్రి: అడ్వాన్సు తీసుకున్నారుగా.

గుంటూరు మిర్చి: అడ్వాన్సు కాగితానికే సరిపోదు సార్.

లక్ష్మీ గ్రాఫిక్స్: దీనికి నేను చేసేది, అడ్వాన్సు తీసుకునేటప్పుడే రసీదు మీద రాస్తా: ఫలానా గంటలోపు ఓకే రాకపోతే వరుస మారుతుంది, ఓకే రాకుండా అచ్చు వేయం. ఆ మాట ముందే అంటే ఎవరికీ కోపం రాదు.

గుంటూరు మిర్చి: రసీదు చదివేదెవరు? దానికి నీలం టిక్కు కూడా పడదు.

ప్రెస్ శీను: ఫోన్ చేశా. రాత్రి చాట్ తెరిచి బావమరిదికి ఫార్వర్డ్ చేశారట, ఆయన పొలంలో ఉన్నాడట. 6కి గుర్తుచేయమన్నారు. ముహూర్తం టైము మాత్రం పంచాంగంతో ఒకసారి సరిచూడాలన్నారు, అందుకని ప్లేటు ఇంకా ఖాయం కాలేదు.